ఒప్పుకుంటూ పెట్టిన మెలిక

తీర్మానం చదివింది నేనే. దాన్ని తెలుగులో రాసిందీ నేనే. తప్పు వేరెవరి మీదా వేయడానికి లేదు.

ఉప్పల్ డిపో దగ్గర ఒక జిరాక్స్ షాపు పైన మా మహిళా బృందానికి రెండు గదులుండేవి. కింద మెట్రో పిల్లర్లకు గుంతలు తవ్వుతుంటే కిటికీ అద్దాలు వణికేవి. ఆ ఆదివారం నాచారం, చర్లపల్లి, మేడిపల్లి వైపు నుంచి నలభై మంది దాకా వచ్చారు. ఎక్కువమంది ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు. స్త్రీలపై వివక్షను తొలగించే అంతర్జాతీయ ఒప్పందం ఒకటుంది. మన దేశం దాని మీద సంతకం పెట్టింది. ఒప్పందాన్ని దేశాలు ఎలా అమలు చేస్తున్నాయో జెనీవాలో ఒక కమిటీ విచారిస్తుంది. ప్రభుత్వం తన నివేదిక తాను పంపుతుంది. దానికి జవాబుగా దేశంలోని మహిళా సంఘాలు కలిసి ఇంకో నివేదిక పంపుతాయి. అందులో పెళ్లిళ్ల నమోదు మీద రెండు పేజీలు మా వాటాకు వచ్చాయి. ఆ పేజీలకు ఈ మహిళల ఒప్పుకోలు కావాలి.

నేను గొంతు సవరించుకుని చదివాను. "భారత ప్రభుత్వం ఈ ఒప్పందం విషయంలో పెట్టిన రిజర్వేషన్లను వెంటనే ఎత్తివేయాలని ఈ సభ డిమాండ్ చేస్తున్నది."

వెనక నుంచి ఒకామె లేచింది.

"ఏంది మేడం, రిజర్వేషన్లు ఎత్తేయాల్నా? గా రిజర్వేషన్ల తోటే గదా మా పిల్ల హాస్టల్ల సదువుతున్నది!"

"మంచిగున్నది! ఆదివారం పూట బస్సెక్కి వచ్చి మా సీట్లు మేమే తీసేయుమని సంతకాలు జేయాల్నా?" అంది ఇంకొకామె.

"ఆడోళ్లకు రిజర్వేషన్ పెంచుమనాలె గని తీసేయుమంటరా? గీ మేడం ఏ పార్టీ?"

నవ్వులు, కేకలు. మా బృందాన్ని నడిపే ఆవిడ, అందరికీ అక్క, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. ముప్పై ఏళ్లు సభల్లో పురోహితులతో, జ్యోతిష్కులతో, పునర్జన్మ పండితులతో వాదించినదాన్ని నేను. మాటలో పొరపాటు దొరికితే ఎదుటివాణ్ణి వదిలేదాన్ని కాదు. ఆ రోజు ఇంగ్లిషు మాటను అలాగే దించేసి, ఈ నేల మీద ఆ మాటకు ఏ అర్థముందో చూసుకోకుండా నిలబడ్డాను.

"ఇది ఆ రిజర్వేషన్ కాదు," అన్నాను. "ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు ఒక దేశం, 'ఈ ఒక్క షరతు మాకు వర్తించదు' అని గానీ, 'మాకు వేరేగా వర్తిస్తుంది' అని గానీ రాసిస్తే, దాన్ని కూడా ఇంగ్లిషులో ఆ మాటే అంటారు."

ముందు వరసలో కూర్చున్న ఒక మనిషి అప్పటిదాకా నవ్వలేదు, అరవలేదు. నాచారంలో మందుబిళ్లలు ప్యాక్ చేసే కంపెనీలో పని. ముప్పై దాటి ఉంటుంది. చర్లపల్లిలో ఒక గది తీసుకుని ఒక్కతే ఉండేది. ఆమె తల ఎత్తి అడిగింది.

"అంటే ఒప్పుకుంటనే మెలిక పెట్టిన్రన్నట్టు?"

"అవును. మెలికే."

"గట్ల జెప్పున్రి మరి. మెలిక తీసేయుమందం." తర్వాత మిగతావాళ్ల వైపు తిరిగింది. "మెలిక అక్కా, మెలిక. సీట్లు గాదు."

తీర్మానం నెగ్గింది. తెలుగు ప్రతిలో ఆ మాట కొట్టేసి పైన 'మినహాయింపు' అని రాశాను. అది పుస్తకాల మాట. ఆ సభను ఒప్పించింది మాత్రం ఆమె మాట.

మా రెండు పేజీల్లో సగం ఆమె కథే. తొమ్మిదేళ్ల కింద మేడిపల్లి దాటిన తర్వాత ఒక ఊళ్లో, అత్తగారింటి ముంగిట్లో పెళ్లయింది. ఫోటో లేదు, కార్డు లేదు, ఎక్కడా నమోదు లేదు. ఐదేళ్లకు భర్త ఇంకొకామెను చేసుకున్నాడు. ఈసారి ఫోటోలున్నాయి, కార్డులున్నాయి. ఈమె ఎవరని అడిగితే, వంటకు పెట్టుకున్నామన్నాడు. కులపెద్దల ముందు పంచాయితీ జరిగి ఒక కాగితం రాశారు.

"గా కాగితంల మంచిగనే రాసిన్రు మేడం," అంది నాకు చెబుతూ. "'ఈమెను భార్యగా చూసుకుంటము, మా ఇంటి పద్ధతి ప్రకారం' అని. పద్ధతంటే ఏందో అనుకున్న. ఇంటికి పోయినంక నా మంచం తీసి వసారాల ఏసిన్రు. అడిగితే, గిదే మా పద్ధతి, నువ్వు ఒప్పుకున్నవ్ గదా అన్నరు."

ఆ కాగితం పెద్దమనిషి దగ్గరుంది. అడిగితే ఇవ్వడు. నమోదు చేయించుకుందామని ఆఫీసుకు పోతే, భర్త సంతకం, పెళ్లి ఫోటో తెమ్మన్నారు.

ఆమె కోరిక ఒక్కటే. "ఎక్కడన్న ఒక్క తాన రాసిపెట్టున్రి మేడం. నేను గాయన పెండ్లాన్నని. నా పేరుతోని."

ఒప్పందంలోని పదహారో అధికరణం రెండో భాగం, బాల్య వివాహాలకు చట్టపరమైన విలువ ఉండకూడదని, పెళ్లిళ్లన్నిటినీ అధికారిక రిజిస్టరులో తప్పనిసరిగా నమోదు చేయాలని చెబుతుంది. మన ప్రభుత్వం ఒప్పందంలో చేరుతూ దాని మీద ఒక ప్రకటన ఇచ్చింది. తప్పనిసరి నమోదు అనే సూత్రాన్ని సంపూర్ణంగా సమర్థిస్తున్నాం, అయితే ఇన్ని ఆచారాలు, మతాలు, అక్షరాస్యతలో ఇన్ని తేడాలు ఉన్న ఇంత పెద్ద దేశంలో అది ఆచరణ సాధ్యం కాదు. సారాంశం అదే. ఇలాంటిదే మరో ప్రకటన కూడా ఉంది. పెళ్లిలో, కుటుంబంలో సమానత్వాన్ని పాటిస్తాం గానీ, ఏ సమాజమైనా తానుగా ముందుకొచ్చి ఒప్పుకుంటే తప్ప దాని సొంత వ్యవహారాల్లో జోక్యం చేసుకోని విధానానికి లోబడి పాటిస్తాం అని. రెండింటికీ పెట్టిన పేరు 'ప్రకటన'. రిజర్వేషన్ అని ప్రభుత్వం తానుగా పేరు పెట్టి చెప్పింది ఒక్కటే, వివాదాలను అంతర్జాతీయ న్యాయస్థానానికి పంపే ఇరవై తొమ్మిదో అధికరణం మీద.

ఇక్కడే చిక్కొచ్చింది. ఢిల్లీలో నివేదికను కూర్చే బృందం నుంచి మెయిల్ వచ్చింది. కింద షాపులో ప్రింటు తీయించి అక్క చదివింది. పేజీలు ఎక్కువయ్యాయి. పెళ్లి నమోదు మీద ప్రభుత్వం ఇచ్చింది ప్రకటన మాత్రమే, రిజర్వేషన్ కాదు. కాబట్టి దాన్ని ఉపసంహరించాలని వాదించే భాగం అనవసరం. మీ రెండు పేజీలు తీసేస్తున్నాం. అభ్యంతరముంటే వారంలోగా చట్టపరమైన కారణం ఒక పేజీలో పంపండి.

"పోయింది," అంది అక్క. "ఆ పిల్లకు ఏం జెప్తం?"

"ఏమీ చెప్పకు. నేను రాస్తా."

నాచారంలో నా ఇంటికి పోయి రాశాను. ఒక వంటగది, ఒక పుస్తకాల గది, మధ్యలో నేను. అప్పటికి నాలుగేళ్లుగా ఒక్కదాన్నే. ఎవరూ తలుపు తట్టని ఇంట్లో కోపం బాగా మరుగుతుంది. అంతా కడిగి పారేశాను. ప్రభుత్వం పెట్టిన ప్రతి ప్రకటనా, ప్రతి రిజర్వేషనూ మోసమే. అన్నీ ఒప్పందం ధ్యేయాన్ని చంపేవే. అన్నీ చెల్లవు. చివరి వాక్యం కింద గీత కూడా గీశాను.

పంపే ముందు ఒకరికి చూపించమంది అక్క. హబ్సిగూడలో ఒక రిటైర్డ్ లా కాలేజీ మాస్టారున్నారు. ఉప్పల్ పాత ఊరివాళ్లు. ఒకప్పుడు మా హేతువాద చర్చావేదికకు వచ్చి నాతో దేవుడి ఉనికి మీద రెండు గంటలు తగువుపడి, చాయ్ తాగి పోయిన మనిషి. భార్య పోయాక బయటికి రావడం తగ్గించారు. తలుపు తీసి నన్ను చూసి ఆశ్చర్యపోలేదు.

"రా అమ్మా. దేవుడు ఉన్నడా లేడా, తేలిందా?"

"లేడని ఎప్పుడో తేలింది సార్. మీకే వినపడలేదు."

కాగితం ఇచ్చాను. కళ్లద్దాలు పెట్టుకుని మెల్లగా చదివారు. గీత గీసిన వాక్యం దగ్గర ఆగారు.

"గీ ఒక్క లైనుతోటి నీ కేసు నువ్వే పోగొట్టుకుంటవ్."

"ఎందుకు?"

"ఇరవై తొమ్మిది మీద పెట్టిన రిజర్వేషన్ ఎందుకు చెల్లదు? ఒప్పందమే గా అధికరణంలనే రాసింది, ఇష్టం లేని దేశం దీనికి కట్టుబడనని చెప్పొచ్చని. ఇచ్చిన తలుపుల నుంచి పోయినోన్ని దొంగ అంటే ఎట్లమ్మా?"

ఆయన ఆ గీత మీద వేలు పెట్టారు.

"ఒప్పందం వద్దన్న రిజర్వేషన్ పెట్టొద్దు. ఒప్పందం ధ్యేయానికి, ప్రయోజనానికి పొసగని రిజర్వేషన్ పెట్టొద్దు. గీ ఒప్పందంల ఇరవై ఎనిమిదో అధికరణం ఆ మాట నోరు తెరిచి చెప్పింది. వివాదం ఏ కోర్టుకు పోవాలె అన్నది ధ్యేయం గాదు. ఆడ మనిషికి పెండ్లిల సమానత్వం అన్నది ధ్యేయం. దాని గుండె పదహారుల ఉన్నది. అన్నిటిని ఒక్క గంపల ఎత్తుతే, వాళ్లు ఒక్కటి తప్పని చూపించి గంపంత పారబోస్తరు."

"కానీ పదహారు మీద వాళ్లు పెట్టింది రిజర్వేషన్ కాదు, ప్రకటన అంటున్నారు ఢిల్లీవాళ్లు."

ఆయన నవ్వారు. చాలా రోజుల తర్వాత నవ్విన మనిషిలా ఆ నవ్వు కాస్త గరగరలాడింది.

"పేరు జూసి ఎప్పటినుంచి నమ్ముతున్నవ్? నువ్వు గదా బాబాల పేర్లు జూడొద్దు, పని జూడుమని స్టేజీల మీద అరిచినదానివి? ఇది కూడ గంతే. దానికి ఏ పేరైనా పెట్టనీ. ఒప్పందంల ఉన్న బాధ్యతను తీసేసినా, మార్చినా అది రిజర్వేషనే. మాట అర్థం ఏందో చెప్పి ఊరుకుంటే అది వివరణ."

"అయితే ఇది బాధ్యతను తీసేసింది. ఆచరణ సాధ్యం కాదన్నది."

"తొందర పడకు. ఎదుటోని తరఫున నేను మాట్లాడుత. 'మేం తీసేయలేదమ్మా, సూత్రం ఒప్పుకున్నం, కష్టముందని మాత్రం చెప్పినం' అంటడు వాడు. ఏమంటవ్?"

నేను ఆలోచించాను. కిటికీ బయట ఆయన వేసుకున్న కరివేపాకు చెట్టు తప్ప ఏమీ లేదు. ముప్పై ఏళ్ల వాదనల్లో నాకు ఎప్పుడూ గెలవాలనే ఉండేది. ఎదుటివాడి మాటను పూర్తిగా నిజమనుకుని చూడడం, అది ఎక్కడికి పోతుందో దాని వెంట నడవడం నాకు చేతకాలేదు. ఆ రోజు నడిచాను.

"కష్టముందని మాత్రమే చెబితే, బాధ్యత అలాగే ఉన్నట్టు. నమోదు ఎందుకు జరగలేదో జవాబు చెప్పాల్సిందే," అన్నాను మెల్లగా. "ఆ కష్టాన్ని చూపించి బాధ్యత లేదంటే, అప్పుడది రిజర్వేషన్. ధ్యేయాన్ని తినేసే రిజర్వేషన్. చెల్లదు."

"ఇప్పుడు జెప్పినవ్. ఏ పక్కకు తిరిగినా వాడు జవాబు చెప్పాలె. ఇంకోటి. మన రాష్ట్రంలనే పెండ్లి నమోదు తప్పనిసరని చట్టమున్నది. సాధ్యం కాదన్న పని సాధ్యమని ఇక్కడనే చట్టం చేసిన్రు. అది రాయి. ఐరోపాల ఒక దేశం అప్పట్లనే అభ్యంతరం రాసింది, ఇవి పేరుకు ప్రకటనలు, నిజానికి ఒప్పందం ధ్యేయానికి విరుద్ధమైన రిజర్వేషన్లు అని. అదీ రాయి."

"చెల్లకపోతే ఏమవుతుంది సార్? దేశం ఒప్పందంలోంచి బయటికి పోతుందా?"

"గా ఐరోపా దేశం కూడ, అభ్యంతరం అభ్యంతరమే, మన మధ్య ఒప్పందం మాత్రం ఉంటదన్నది. మెలిక చెల్లకుంటే మెలిక లేనట్టే లెక్క, సంతకం సంతకమే అని శానమంది పండితుల మాట. గా మెలిక లేకుంటే మేం చేరకపోదుమని దేశం తేల్చి చెప్తే తప్ప. దేశాలు మాత్రం అంత తేలికగ ఒప్పుకోవు. కమిటీ తన అభిప్రాయం చెప్తది. బలవంతం చెయ్యలేదు. గా ముచ్చట కూడ దాచకు."

లేచేటప్పుడు ఆయన కాగితం నా చేతికిచ్చి, చెయ్యి వెంటనే వదల్లేదు. "మల్లొస్తవా?" అన్నారు. వస్తానన్నాను. పోలేదు. నేను పోకముందే ఆయన కన్నుమూశారు. ఒంటరి మనుషులం ఒకరినొకరు రేపు చూద్దామనుకుంటూ ఉంటాం.

ఒక పేజీ రాసి పంపాం. గీత గీసిన వాక్యం లేదు. ఇరవై తొమ్మిది మీది రిజర్వేషన్ చెల్లుతుందని నేనే రాశాను. నా చేత్తో ప్రభుత్వం పక్షాన రాసిన వాక్యం అదొక్కటే. పది రోజులకు జవాబొచ్చింది. భాగం ఉంటుంది. అయితే రెండు పేజీలను అరపేజీ చేయాలి. సాక్ష్యాలు ఇచ్చినవాళ్ల పేర్లు, ఊళ్లు ఎక్కడా రాకూడదు. వాళ్ల రక్షణ కోసం ఇది అందరికీ వర్తించే నియమం.

ఆ సంగతి చెప్పడానికి నేనే చర్లపల్లి పోయాను. షిఫ్టు దిగి వస్తూ రోడ్డు మీదే కలిసింది. నడుస్తూ చెప్పాను.

"కథ ఉన్నదా?"

"ఉంది."

"పేరు?"

"ఉండదు. 'ఒక మహిళ' అని ఉంటుంది. నీకేమైనా జరుగుతుందేమోనని."

"ఏం జరుగుతది మేడం? జరిగేది జరిగింది గదా. నేను ఒప్పుకుంటున్న గదా, పేరు రాయున్రి."

"నేను రెండుసార్లు అడిగాను. నియమం అంటున్నారు."

నడుస్తూనే నవ్వింది. "మీరు గూడ మెలిక పెట్టిన్రా?"

ఆమె మళ్లీ అడిగింది. "మీ పెండ్లి రాసున్నదా మేడం ఎక్కడన్న?"

లేదు. మాది ఆదర్శ వివాహం. మంత్రాల్లేవు, తాళి లేదు, అగ్నిహోత్రం లేదు. స్టేజీ మీద దండలు మార్చుకున్నాం. ఏడుగురు ఉపన్యాసాలిచ్చారు. నమోదు చేయించుకోండి అని ఒకాయన సలహా ఇస్తే, పురోహితుడి మంత్రం వదిలి ప్రభుత్వ మంత్రం పట్టుకోవాలా అని మైకులో ఎగతాళి చేసింది నేనే. సభంతా చప్పట్లు కొట్టింది. ఇరవై రెండేళ్లకు నా భర్త దవాఖానాలో పోయినప్పుడు, మృతదేహం కోసం సంతకం పెట్టింది ఆయన అన్న. మీరేమవుతారని గుమాస్తా నన్నడిగాడు. భార్యనన్నాను. ఏదైనా కాగితముందా అన్నాడు. ఏ కర్మకాండా వద్దని బతికినంతకాలం చెప్పిన మనిషికి పిండాలు పెట్టారు. నేను వాళ్లింటి గేటు బయట నిలబడ్డాను.

ఇది ఆమెకు చెప్పాను. అక్కకు తప్ప అప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. చర్చల్లో చెప్పడానికి పనికొచ్చే కథ కాదది. దాంట్లో ఓడిపోయింది నేనే.

"అయ్యో," అంది. అంతే. నా సంచీ తీసుకుని బస్టాపు దాకా మోసింది.

నివేదిక అచ్చు ప్రతులు మాకు చేరేసరికి జూన్ వచ్చింది. కొత్త రాష్ట్రం వచ్చి వారం కూడా కాలేదు. ఉప్పల్ రింగ్ రోడ్డు మీద గులాబీ కాగితాల తోరణాలు వానకు తడిసి పిల్లర్లకు అతుక్కుపోయాయి. ఆమె పొద్దుటి షిఫ్టుకు పోతూ డిపో దగ్గర దిగింది. ఇంగ్లిషు పుస్తకం చేతిలో పెట్టి, పేజీ తీసి, వేలుపెట్టి చూపించాను. నాలుగు లైన్లు. తెలుగులో చదివి చెప్పాను. "హైదరాబాద్ తూర్పు ప్రాంతంలో ఒక మహిళ, తొమ్మిదేళ్ల క్రితం వివాహమైన భార్య, నమోదు లేనందువల్ల..."

"భార్య అనే ఉన్నదా?"

"అనే ఉంది."

"'పద్ధతి ప్రకారం' అని ఏమన్న ఉన్నదా ఎనుక?"

"ఏమీ లేదు. భార్య, అంతే."

ఆమె ఆ లైను మీద వేలు అలాగే ఉంచింది. తర్వాత అంది, "పెన్నున్నదా? గీడ నా పేరు రాయున్రి."

"నేను రాస్తే చెల్లదు. ఏ ఆఫీసులోనూ, ఏ కోర్టులోనూ..."

"ఎర్కనే మేడం. నా పుస్తకంల నాకే."

'ఒక మహిళ' అన్న చోట, పైన కొంచెం ఖాళీ ఉంది. అక్కడ నీలం ఇంకుతో ఆమె పేరు, తండ్రి ఇంటిపేరు, తెలుగులో రాశాను. అడగకుండానే భర్త పేరు కూడా రాయబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"గాయన పేరెందుకు? రాసేది నా గురించి గదా."

అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుకుంది. పుస్తకాన్ని టిఫిన్ డబ్బా సంచీలో, తడవకుండా కవరులో చుట్టి పెట్టుకుంది. నాచారం బస్సొచ్చింది. ఎక్కింది.

ఆ తర్వాత ఆమె నాకు కనబడలేదు. రెండుసార్లు చర్లపల్లి పోయి అడిగాను. కంపెనీ మారిందన్నారు. గదికి తాళం లేదు, వేరే కుటుంబం ఉంది. ప్రభుత్వం ఆ ప్రకటనలను ఇప్పటికీ ఉపసంహరించుకోలేదు.

నా ప్రతి నా బల్ల మీదే ఉంది. అందులో ఆ చోట 'ఒక మహిళ' అనే ఉంది. ఆ పేరు నాకు గుర్తుంది. పెన్ను పక్కనే ఉంటుంది. ఆమె అడిగింది తన పుస్తకంలో రాయమని. నా దాంట్లో రాయాలంటే ఆమెను అడగాలి. ఇక్కడ, ఈ కథలో రాయాలన్నా అడగాలి. కనబడితే అడుగుతాను.